ఆరున్నర రూపాయలే కదా అని వదిలెయ్యకు అమ్మలూ

అమ్మలూ,

మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది, ఉద్యోగం మానేసి మంగళగిరి చీరలు ఆన్‌లైన్లో పెడుతున్నావంట, జీఎస్టీ నంబర్ కూడా వచ్చేసిందంట. మా ఇంట్లో ఇంతవరకూ సొంతంగా బిల్ బుక్ కొట్టించుకున్నవాళ్ళు లేరే, ఎంత సంతోషమేసిందో. కానీ రాత్రి నిద్ర పట్టలా. చీరలు ఎంచడంలో నీ చెయ్యి మంచిది, దాని గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా నీ మొహమాటం గురించే. చిన్నప్పుడు కొట్టుకి పంపిస్తే చిల్లర తక్కువిచ్చినా నోరెత్తకుండా వచ్చేసేదానివి. రేపు ఎవరో కస్టమర్ "బిల్లు ఎక్కువేశారేంటండీ" అంటే నువ్వు గబగబా సారీ చెప్పేసి ఎంతో కొంత తగ్గించేస్తావ్, నాకు తెలుసు. గుంటూర్లో బట్టల కొట్టు బిల్లింగ్ కౌంటర్లో జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి ఈ ఒక్కదాని గురించే రాస్తున్నా.

బిల్లు నంబర్లు వరసలో ఉండాలి, కస్టమర్ రాష్ట్రం కరెక్టుగా పడాలి. ఇవి నీకు తెలిసినవే.

ఇప్పుడు లెక్కలోకి రా. హైదరాబాద్ ఆవిడెవరో 1,185 చొప్పున రెండు చీరలు తీసుకుంది, షిప్పింగ్ 120 వేశావు అనుకో. ఆవిడ ఇంట్లో కూర్చుని లెక్కేసుకుంటుంది: చీరలు 2,370, దాని మీద 5 శాతం 118.50, షిప్పింగ్ 120, అన్నీ కలిపితే 2,608.50. నీ బిల్లులో 2,615 ఉంది. ఆరున్నర ఎక్కువ. ఆవిడ అడగడంలో తప్పేం లేదు, కూడికలు కరెక్టే, కాకపోతే షిప్పింగ్‌ని టాక్స్ బయట పెట్టింది. నువ్వు చీర ఇంటికి చేరుస్తానని అమ్మావు కదా, అది చేరేదాకా నువ్వు వసూలు చేసే ప్రతి రూపాయీ ఆ అమ్మకం విలువలో భాగమే, చీరకి ఏ రేటో దానికీ అదే రేటు. అంటే 2,370కి 120 కలిపి 2,490, దాని మీద 5 శాతం 124.50, మొత్తం 2,614.50, పైన అర్ధరూపాయి రౌండ్ ఆఫ్, 2,615. ఆవిడ అడిగిన ఆరున్నరలో ఆరు రూపాయలు షిప్పింగ్ మీద టాక్స్, యాభై పైసలు రౌండ్ ఆఫ్. ఇంతే. "సిస్టమ్ అలా వేసిందండీ" అని మాత్రం ఎప్పుడూ అనకు, ఆ మాట వింటే ఎవరికైనా అనుమానమొస్తుంది.

కొంచెం తెలిసినవాళ్ళైతే ఇంకోటి అడుగుతారు, కొరియర్ వాళ్ళకి మీరు ఆల్రెడీ 18 శాతం కట్టారు కదా మళ్ళీ మా దగ్గరెందుకు అని. ఆ 18 శాతం నీకూ కొరియర్ వాడికీ మధ్య లెక్క, వాడి బిల్లు మీద నీ జీఎస్టీ నంబర్ ఉంటే నువ్వు క్రెడిట్ తీసుకుంటావ్, అంటే నువ్వు కట్టాల్సిన టాక్స్‌లో తగ్గించుకుంటావ్, ఆవిడ మీద పడదు. పార్సిల్ మీద స్టిక్కర్ చూసి 82 అనే ఉంది మీరు 120 తీసుకున్నారేంటి అని కూడా అడుగుతారు, అందుకే బిల్లులో ఆ లైన్‌కి "షిప్పింగ్, ప్యాకింగ్" అని పేరు పెట్టు, అట్టపెట్టె, కవరు, పికప్ అన్నీ అందులోవే. కొరియర్‌కి ఎంతైతే అంతే అని ముందు చెప్పి ఉంటే మాత్రం అంతే తీసుకోవాలి.

గుంటూరు కస్టమర్‌కి బిల్లేస్తే సీజీఎస్టీ 62.25, ఎస్‌జీఎస్టీ 62.25 అని రెండు లైన్లు పడతాయి, రెండు టాక్సులేంటని కంగారు పడతారు. హైదరాబాద్ ఆవిడకి అదే 124.50 ఐజీఎస్టీ అని ఒకే లైన్లో పడుతుంది, రాష్ట్రం దాటింది కాబట్టి. మొత్తం ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. మా కొట్లో ఒక కుర్రాడుండేవాడు, చురుకైనోడు, మంచోడు, నీలాగే ఎవరేమన్నా తట్టుకోలేడు. హైదరాబాద్‌లో బొటీక్ నడిపే ఒకావిడ మా దగ్గర హోల్‌సేల్‌గా తీసుకునేది. ఒక నెలాఖర్లో ఆవిడకి బిల్లెళ్ళింది, అందులో ట్రాన్స్‌పోర్ట్ 900, దాని మీద టాక్స్ 45. తర్వాతి నెల రెండో వారంలో ఆవిడ ఫోన్ చేసి ట్రాన్స్‌పోర్ట్ మీద టాక్సేంటి అని గట్టిగా అడిగింది. వీడు నన్ను అడగలా, ఓనర్ని అడగలా, సిస్టమ్‌లో ఆ బిల్లు తెరిచి 45 తీసేసి అదే నంబర్‌తో కొత్త పీడీఎఫ్ పంపేశాడు. ఆవిడ ఆ తక్కువ మొత్తమే కట్టింది, థాంక్స్ కూడా చెప్పింది, వీడు కాలరెగరేసుకుని టీ తాగాడు.

అప్పటికి 11వ తారీఖు దాటిపోయింది, ఆ నెల అమ్మకాల బిల్లులు చూపించే మా రిటర్న్, జీఎస్‌టీఆర్-1, పాత అంకెతో వెళ్ళిపోయింది. 14న ఆవిడకి 2బీ వచ్చింది, అంటే అమ్మినవాళ్ళ రిటర్న్‌ల నుంచి కొన్నవాళ్ళకి పోర్టల్ చూపించే లెక్క, అందులో మా బిల్లు ఎక్కువ మొత్తంతో ఉంది, వాళ్ళ అకౌంటెంట్ చేతిలో కాగితం తక్కువ మొత్తంతో ఉంది, నంబర్ మాత్రం ఒకటే. ఆవిడ ఫోన్ చేసి అరవలేదు. "ఇందులో ఏది నిజం బిల్లండీ?" అని మాత్రం అడిగింది. అరిచినా బాగుండేది. మొదటిదే కరెక్టని కాగితం మీద లెక్క రాసి పంపించాను, ఆవిడ 45 కట్టేసింది కూడా, కానీ తర్వాత ప్రతి బిల్లూ లైన్ లైన్ చెక్ చేశాకే డబ్బులు పంపేది, సరుకు అక్కడే కూర్చునేది. ఫోనొచ్చిన రోజే లెక్క చెప్పుంటే రెండు నిమిషాల పని.

అందుకే అమ్మలూ, పంపిన బిల్లుని వెనక్కెళ్ళి మార్చొద్దు, నిన్ను బతిమాలుతున్నా. బిల్లు కరెక్టైతే లెక్క చెప్పు. నిజంగా నీదే తప్పైతే ఆ బిల్లు నంబర్ వేసి ఎక్కువైనంతకి క్రెడిట్ నోట్ ఇవ్వు. ఆరు రూపాయలు వదిలెయ్యాలని మరీ మనసైతే తర్వాతి ఆర్డర్ బిల్లులోనే డిస్కౌంట్ లైన్ పెట్టి చూపించు, టాక్స్‌ని మాత్రం చెరపకు.

నీదే తప్పయ్యేది ఎప్పుడంటే, పోస్టులో "1,185 అన్నీ కలిపి" అని రాసి బిల్లులో మళ్ళీ 5 శాతం పైన వేస్తే. అప్పుడు కస్టమర్‌దే న్యాయం. 1,185లోనే టాక్స్ ఉంది, 105తో భాగించి 5తో గుణిస్తే 56.43, చీర అసలు ధర 1,128.57. 1,185 మీద 5 శాతం అని 59.25 తీస్తే లెక్క తప్పు. పోస్టు పెట్టేముందే టాక్స్ లోపలా బయటా అనేది తేల్చుకో.

రౌండ్ ఆఫ్ గురించి ఒక ముక్క. అది టాక్స్ కాదు, దాని మీద టాక్సూ పడదు, మైనస్ కూడా రావచ్చు, 2,614.38 అయితే 38 పైసలు తగ్గి 2,614 అవుతుంది. ఒక్కోసారి టాక్స్ ఒకటి రెండు పైసలు తేడా వస్తుంది, సాఫ్ట్‌వేర్ ప్రతి లైన్‌కీ విడిగా పైసలు సరిచేస్తే. గుంటూరు బిల్లే చూడు, రెండు చీరలు రెండు లైన్లలో పడితే ఒక్కోదాని సీజీఎస్టీ 29.625, అది 29.63 అవుతుంది, రెండు చీరలవీ షిప్పింగ్ మీద సీజీఎస్టీ 3 రూపాయలూ కలిపితే 62.26, మొత్తం మీద లెక్కేస్తే 62.25. ఎవరైనా పట్టుకుంటే కంగారు పడకు, ఇదే చెప్పు.

అడిగినవాళ్ళకి ఫోన్లో చెప్పినా సరే తర్వాత వాట్సాప్‌లో రాసి పెట్టు, ఇలా: "మేడమ్, చీరలు 2,370, షిప్పింగ్, ప్యాకింగ్ 120, కలిపి 2,490. దీని మీద జీఎస్టీ 5 శాతం 124.50. రౌండ్ ఆఫ్ 0.50. మొత్తం 2,615. మీ లెక్కకి తేడా షిప్పింగ్ మీద టాక్స్ 6 రూపాయలు, రౌండ్ ఆఫ్ 50 పైసలు." ముందు ఆవిడ అంకె ఎలా వచ్చిందో పట్టుకో, తర్వాతే నీది చెప్పు. రాత్రి పదింటికి మెసేజ్ వస్తే పొద్దున టిఫిన్ తిన్నాక జవాబివ్వు, ఆకలి మీద లెక్క చెప్తే విసుగొస్తుంది, నువ్వేమో తిండి సంగతే మర్చిపోతావ్.

మొదటి బిల్లులు కస్టమర్‌కి పంపేముందు నాకు ఫోటో పెట్టు. కొట్లో ఉన్నా చూస్తా.

మీ మావయ్య