గొర్రెలకు వేసే ఐవర్మెక్టిన్ కోలీ, జర్మన్ షెపర్డ్ కుక్కలకు ఎందుకు పడదు?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా జర్మన్ షెపర్డ్‌కు గజ్జి పట్టింది. గొర్రెలకు వేసే ఐవర్మెక్టిన్ వేయిద్దామంటే "గొర్రెలు కాసే జాతి కుక్కలకు ఆ మందు పడదు, ప్రాణానికే ప్రమాదం" అంటున్నారు. కానీ మా ఊళ్ళో మంద వెంట తిరిగే కుక్కలకు అదే మందు వేశారు, ఏమీ కాలేదు. మరి ఏది నిజం?

జవాబు:

రెండూ నిజమే. మందు పడకపోవడానికీ గొర్రెలు కాయడానికీ సంబంధం లేదు. అది రక్తంలో వచ్చే విషయం. బ్రిటన్‌లో కోలీల పూర్వీకుల్లో ఎక్కడో ఒక జన్యువులో చిన్న లోపం పుట్టింది. ఆ వంశం కలిసిన జాతులన్నిట్లోకీ అది పాకింది. 2004లో వచ్చిన ఒక పరిశోధన, ఈ లోపమున్న జాతులన్నిటికీ ఇది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందనీ, 1873 ప్రాంతంలో జాతుల నమోదు మొదలవక ముందే పుట్టిందనీ తేల్చింది. అందుకే పరుగు పందేల జాతికి చెందిన పొడవు జుట్టు విప్పెట్‌లో కూడా ఇది బాగా ఎక్కువ, గొర్రెల పనికే పేరుపడ్డ బోర్డర్ కోలీలో మాత్రం చాలా తక్కువ. మీ ఊరి మంద కుక్కలది వేరే వంశం. కాబట్టి వాటికి ఏమీ కాలేదని మీ షెపర్డ్‌కు కూడా కాదనుకోలేం.

నేను దీని గురించి ఇంతగా చదవడానికి కారణం మా చిన్నాయన వాళ్ళ రాణి. ఉరవకొండ దగ్గర వాళ్ళకు గొర్రెల మంద ఉంది. బెంగళూరు నుంచి తెచ్చుకున్న కోలీ అది, బరువు సుమారు 20 కిలోలు. దానికి చెవుల దగ్గర, మోచేతుల మీద గజ్జి లేచింది. మందకు సూదులు వేయడానికి వచ్చినతను అదే సీసాలోంచి దానికీ అర మిల్లీలీటరు చర్మం కింద వేసి వెళ్ళాడు. గొర్రెకు పడితే కుక్కకు పడదా అన్నాడట.

ఆ అర మిల్లీలీటరులో ఎంత మందు ఉందో లెక్క చూడండి. గొర్రెలకు వాడే ఇంజెక్షన్ 1 శాతం ద్రావణం. అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, అరకు 5. గొర్రెకు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాము చొప్పున వేస్తారు కాబట్టి 25 కిలోల గొర్రెకు సరిగ్గా అదే మోతాదు. 20 కిలోల రాణికి మాత్రం అది కిలోకు 0.25 మిల్లీగ్రాము, అంటే 250 మైక్రోగ్రాములు అయింది. గజ్జికి మామూలు కుక్కలకు డాక్టర్లు కిలోకు 300 నుంచి 600 మైక్రోగ్రాముల దాకా కూడా వాడుతుంటారు. ఆ లెక్కన చూస్తే ఎక్కువేమీ కాదు. కానీ రెండు వైపుల నుంచీ లోపమున్న జన్యువే వచ్చిన కుక్కలకు 100 మైక్రోగ్రాములు దాటితేనే విషమవుతుంది. గుండె పురుగు రాకుండా నెలకోసారి ఇచ్చే మాత్రలో ఉండేది కిలోకు 6 మైక్రోగ్రాములే. ఆ మోతాదు వీటికి కూడా పడుతుంది. రాణికి పడింది దానికి నలభై రెట్ల పైమాట.

సాయంత్రం సూది వేశారు. తెల్లారేసరికి వెనక కాళ్ళు తడబడుతున్నాయి. నోటి నుంచి చొంగ కారుతోంది. కంటి పాపలు బాగా పెద్దవైపోయాయి, వెలుతురు వేసినా ముడుచుకోవడం లేదు. పిలిస్తే తల తిప్పుతుంది గానీ ఎదురుగా ఉన్న మనిషి కనబడడం లేదు, గోడకు గుద్దుకుంటోంది. మధ్యాహ్నానికి పడుకుండిపోయి వణకడం మొదలుపెట్టింది. అనంతపురం తీసుకెళ్తే అక్కడి డాక్టర్ జాతి పేరు, వేసిన మందు పేరు వినగానే విషయం పట్టేశారు.

మందు అదే అయినా దీనికి మాత్రమే ఎందుకిలా అయిందంటే, ముందు ఆ మందు ఏం చేస్తుందో చూడాలి. నట్టలు, గజ్జి పురుగుల నరాల్లో గ్లూటమేట్‌కు తెరుచుకునే కొన్ని క్లోరైడ్ దారులు ఉంటాయి. ఐవర్మెక్టిన్ వాటిని తెరిచి అలాగే ఉంచేస్తుంది. పురుగు చచ్చుబడిపోతుంది. కుక్కకు గానీ గొర్రెకు గానీ మనకు గానీ ఆ దారులు లేవు. కానీ దగ్గరి పోలిక ఉన్న గాబా దారులు మెదడులో ఉన్నాయి. నరాల చురుకును తగ్గించడం వాటి పని. మందు అక్కడిదాకా చేరితే వాటిని కూడా పట్టేస్తుంది. మామూలుగా అక్కడిదాకా చేరనివ్వనిది పీ-గ్లైకోప్రోటీన్ అనే ఒక ప్రోటీన్. మెదడు రక్తనాళాల గోడల్లో ఉండి, లోపలికి జారిన మందును పట్టి మళ్ళీ రక్తంలోకి తోసేస్తూ ఉంటుంది.

మన వైపు బావి తవ్వేటప్పుడు ఊట వస్తూనే ఉంటుంది, మోటారు తోడుతూనే ఉంటుంది, అడుగున మనుషులు పని చేసుకుంటుంటారు. ఊట ఆగినందువల్ల కాదు, మోటారు ఆగనందువల్లే అడుగు పొడిగా ఉంటుంది. రాణి మెదడులో ఆ మోటారు లేదు. నెలకోసారి ఇచ్చే మాత్రలాంటి సన్నటి ఊటకు ఫర్వాలేదు. సూదితో ఒక్కసారిగా వచ్చినదానికి మాత్రం మునిగిపోయింది.

ఆ ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువును ముందు ఎండీఆర్1 అనేవాళ్ళు. ఇప్పుడు రిపోర్టుల్లో ABCB1 అని కూడా రాస్తారు. లోపమేమిటంటే, ఆ జన్యువు మొదట్లోనే నాలుగు అక్షరాలు రాలిపోయాయి. జన్యువును కణం మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. మూడు పోయి ఉంటే ఒక ముక్కే తగ్గేది, మిగతా వరస నిలిచేది. నాలుగు పోవడంతో అక్కడి నుంచి ప్రతి మూడక్షరాల జట్టూ తప్పుగా పడుతుంది, కొద్ది దూరంలోనే 'ఇక ఆపు' అనే గుర్తు వచ్చేస్తుంది. ప్రోటీన్ పదో వంతు కూడా తయారవకుండానే ఆగిపోతుంది, దానివల్ల ఏ పనీ జరగదు. 2001లో ఈ సంగతి బయటపెట్టింది అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన కత్రినా మీలీ బృందం. కోలీలకు ఈ మందు పడడం లేదని అంతకు చాలా ఏళ్ళ ముందే, 1980ల మొదట్లోనే పశువైద్యులు గమనించారు. కారణమే అప్పటికి తెలియదు.

ఈ ప్రోటీన్ పేగుల్లో, కాలేయంలో కూడా ఉండి మందును ఒంట్లోంచి బయటికి పంపడంలో సాయపడుతుంది. అది లేకపోతే మందు ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది. రాణి చాలా రోజులు లేవలేకపోయింది, దానికి ఇదీ ఒక కారణం. ఐవర్మెక్టిన్‌కు సూటిగా విరుగుడు లేదు. డాక్టర్లు సెలైన్ పెట్టారు, ఒంటి వేడి పడిపోకుండా చూశారు, పుండ్లు పడకుండా గంటల లెక్కన పక్కలు మార్పించారు, రెప్ప వేయలేని కళ్ళకు ఆయింట్‌మెంట్ రాశారు, గొట్టం ద్వారా తిండి పెట్టారు. వణుకు తగ్గడానికి డయాజెపామ్ ఇవ్వమని మా చిన్నాయన బతిమాలితే, అది కూడా అదే గాబా దారుల మీద పనిచేసే మందు, మత్తు ఇంకా లోతుకు పోతుంది, ఊపిరి ఆగిపోవచ్చు అని వద్దన్నారు. చివరికి రాణి లేచింది, చూపూ తిరిగి వచ్చింది. చిన్నమ్మ రాత్రింబవళ్ళు దాని పక్కనే కూర్చుంది. అంత ఓపికగా చూసుకునేవాళ్ళు లేకపోయుంటే ఆ కుక్క మాకు దక్కేది కాదు. తర్వాత బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఆ జన్యువు టెస్ట్‌కు నమూనా పంపితే M/M అని వచ్చింది, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడినవే.

ఇక మీ షెపర్డ్ సంగతి. N/N అంటే రెండు ప్రతులూ మంచివి. N/M అంటే ఒకటి చెడింది. అలాంటి కుక్క చిన్న మోతాదులు తట్టుకుంటుంది గానీ గజ్జికి వాడే పెద్ద మోతాదుల్లో ఇబ్బంది పడొచ్చు. వాషింగ్టన్ స్టేట్ లెక్కల ప్రకారం కోలీల్లో పదింట ఏడింటికి కనీసం ఒక చెడ్డ ప్రతి ఉంటుంది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో సగానికి, జర్మన్ షెపర్డ్‌లలో పదింట ఒకదానికి ఉంటుంది. కాబట్టి మీ దానికి లేకపోయే అవకాశమే ఎక్కువ. కానీ చూసి చెప్పలేం. రంగును బట్టి, బొచ్చును బట్టి ఏమీ తెలియదు. టెస్ట్ చేయించేదాకా లోపం ఉందనే అనుకోండి. పైగా గజ్జికి ఇప్పుడు ఐవర్మెక్టినే వాడాలనేం లేదు. ముందు చర్మం గీకి మైక్రోస్కోప్‌లో ఏ పురుగో చూపించండి. ఫ్లూరలానర్, అఫాక్సోలానర్ అనే మందుల మాత్రలు ఉన్నాయి, అవి పనిచేసే తీరు వేరు. ఫ్లూరలానర్‌ను ఈ లోపమున్న కోలీలకే మామూలు మోతాదుకు మూడు రెట్లు ఇచ్చి చూస్తే కూడా తట్టుకున్నాయి. మీ కుక్కకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చుంటే మాత్రం ఈ మాత్రలు ఇచ్చే ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఐవర్మెక్టిన్ ఒక్కటి మానితే సరిపోదు. ఇళ్ళల్లో నాకు ఎక్కువ భయం కలిగించేది లోపెరమైడ్, మనం విరేచనాలకు వేసుకునే మాత్ర. అది నిజానికి నల్లమందు కోవకు చెందినది. మెదడులోకి పోనివ్వకుండా ఇదే ప్రోటీన్ ఆపుతుంది కాబట్టే మనకు మత్తు రాదు. ఈ కుక్కలకు వస్తుంది, ఒళ్ళు తెలియకుండా పడిపోతాయి. దానికి నలాక్సోన్ అనే విరుగుడు ఉండడం ఒక్కటే నయం. కుక్కలకు జననాంగాల దగ్గర వచ్చే గడ్డలకు మన దగ్గర విన్‌క్రిస్టీన్ సూదులు వేస్తారు. లోపమున్న కుక్కకు అదే మోతాదు వేస్తే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, వాంతులు, విరేచనాలు అవుతాయి. ఆపరేషన్ ముందు ఇచ్చే ఏస్‌ప్రోమజీన్, బ్యూటార్ఫనాల్ ఇవ్వొచ్చు గానీ మామూలు మోతాదులోంచి N/Mకు పావు వంతు, M/Mకు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించి ఇవ్వాలి.

మీకు మంద ఉంటే ఇంకో జాగ్రత్త. గొర్రెలకు వేసిన ఐవర్మెక్టిన్‌లో చాలా భాగం పెంటికల్లోనే బయటికి వస్తుంది. కుక్కలు వాటిని తింటాయి, మీకు తెలిసిందే. మందు వేసిన తర్వాత కొన్ని రోజులు షెపర్డ్‌ను దొడ్డిలోకి రానివ్వకండి. నట్టల మందు తాపేటప్పుడు కింద ఒలికిందీ గొర్రె ఉమ్మేసిందీ నాకనివ్వకండి. టెస్ట్ రిపోర్టు వచ్చాక ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. కుక్కను డాక్టర్ దగ్గరికి ఎవరు తీసుకెళ్తారో ముందే చెప్పలేం కదా.