"ఆకర్షణీయంగా ఉన్నారు" అనొచ్చా?

సందేహం: మాది భీమవరం, హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. మా టీమ్‌లో ఒకతను ఉన్నాడు, కరీంనగర్ వైపు. అతను బాగుంటాడనీ, నాకు నచ్చాడనీ మర్యాదగా చెప్పాలనుంది. ఇద్దరం "మీరు" అనే పిలుచుకుంటాం. "ఆకర్షణీయంగా ఉన్నారు" అంటే యాడ్‌లా ఉంది, "అందంగా ఉన్నారు" అంటే ఆడవాళ్ళకి చెప్పే మాటలా ఉంది, "హాట్" లాంటివి నా నోటికి రావు. చీప్‌గా లేకుండా తెలుగులో ఎలా చెప్పాలండీ?

సమాధానం: మీ చెవి కరెక్టుగానే పనిచేస్తోందండీ. ఆకర్షణీయమైన జీతం, ఆకర్షణీయమైన బహుమతులు, ఇలాంటి చోట్లే కదా ఆ మాట మనకి రోజూ కనపడేది. దాన్ని మనిషికి తగిలిస్తే ఇంకో చిక్కు కూడా ఉంది, "అది ప్రేమ కాదమ్మా, ఒట్టి ఆకర్షణ" అని ఇంట్లో పెద్దవాళ్ళూ సినిమాల్లో తండ్రులూ అనీ అనీ ఆ మాట విలువ బాగా దింపేశారు, అంచేత "మీ పట్ల ఆకర్షితురాలినయ్యాను" అని మీరు ఎంత నిజాయితీగా చెప్పినా అవతలివాళ్ళకి అది నాలుగు రోజుల ముచ్చట అనే వినిపిస్తుంది, పైగా కోర్టు కాయితంలో వాక్యంలా ఉంటుంది.

"అందం" మాత్రం ఆడవాళ్ళ సొత్తేం కాదు. అందగత్తె ఉన్నచోటే అందగాడూ ఉన్నాడు. కాకపోతే ఇప్పటి వాడుకలో మగమనిషిని పట్టుకుని ఎదురుగా "మీరు అందంగా ఉన్నారు" అంటే వెక్కిరిస్తున్నారేమో అని ఒక క్షణం అనుమానపడతాడు, ఆ క్షణం మీకు అనవసరం. మనకి "బాగు" అనే మాట ఉంది, ఆడా మగా తేడా లేదు, చిన్నా పెద్దా తేడా లేదు, దాంతోనే పని జరిగిపోతుంది. కానీ ఈ బాగుతో ఒక ప్రమాదం ఉంది, దాని పక్కన ఏ చిన్న ముక్క చేరినా అర్థం తిరగబడుతుంది.

ఉదాహరణకి "బాగున్నారు" అంటే మెచ్చుకోలు. "బాగానే ఉన్నారు" అంటే? మధ్యలో ఒక్క ఏకారం వచ్చిందంతే, మెచ్చుకోలు కాస్తా పాస్‌మార్కులయిపోయింది. "ఇవాళ బాగున్నారు" అంటే నిన్న ఏమైంది అని అడగొచ్చు ఎవరైనా. దాన్నే "ఇవాళ మరీ బాగున్నారు" అనండి, ఆ "మరీ" వల్ల రోజూ బాగుంటారు, ఇవాళ ఇంకొంచెం ఎక్కువ అని వస్తుంది. వాట్సాప్‌లో అయితే ఒట్టి "బాగున్నారు" అని పంపకండి, గొంతు వినపడదు కాబట్టి ప్రశ్నార్థకం మర్చిపోయారనుకుని "ఆ బాగున్నానండీ, మీరు?" అని రిప్లై వస్తుంది, అక్కడితో కథ అయిపోతుంది. దేన్ని చూసి బాగున్నారంటున్నారో పక్కన పెట్టాలి.

ఆ పక్కన పెట్టేదాన్ని బట్టి దగ్గరితనం కూడా మారుతుంది, ఇది మీకు బాగా పనికొస్తుంది. "చొక్కా బాగుందండీ" అంటే మెచ్చుకున్నది చొక్కానే, ఆఫీసులో ఎవరితోనైనా అనొచ్చు. "ఈ రంగు మీకు బాగా నప్పిందండీ" అంటే సగం చొక్కా సగం మనిషి, కాస్త గమనించి చూశారని తెలుస్తుంది. "ఈ చొక్కాలో భలే ఉన్నారండీ" అంటే చొక్కా పేరుకే, మాటంతా మనిషి గురించే. ఇందులో ఎక్కడ మొదలెట్టాలో మీకూ అతనికీ ఇప్పటికున్న చనువే చెప్పాలి, కానీ మొదటిదాన్నుంచి ఒకేసారి మూడోదానికి గెంతితే వినేవాడు ఉలిక్కిపడతాడు.

నవ్వు గురించి చెప్పేవాళ్ళు చాలామంది "మీరు నవ్వితే బాగుంటారు" అంటారు. పైకి ప్రశంసే గానీ జాగ్రత్తగా వినండి, నవ్వకపోతే బాగోరు అనీ, కాస్త నవ్వొచ్చుగా అనీ సలహాలా కూడా వినపడుతుంది (ఆడవాళ్ళకి ఈ సలహా ఎంత చిరాకో మీకు నేను చెప్పక్కర్లేదు). దీన్నే "మీరు నవ్వుతుంటే బాగుంటుంది" అని మార్చి చూడండి. "బాగుంటారు" అన్నప్పుడు మీరు అతనికి మార్కులు వేస్తున్నారు. "బాగుంటుంది" అన్నప్పుడు బాగుండేది ఆ సన్నివేశం, బాగనిపించేది మీకు. ఎవరికి బాగుంటుందో వాక్యంలో చెప్పలేదు కూడా, అయినా ఇద్దరికీ తెలుసు.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఈ మార్పులోనే ఉందనుకుంటాను. తెలుగులో మనసుకి సంబంధించిన చాలా సంగతుల్లో మనిషి కర్తగా కూర్చోడు. నాకు ఆకలేస్తోంది, నాకు కోపమొచ్చింది, నాకు సిగ్గేసింది, అన్నీ "నాకు" మీదే నడుస్తాయి, మనం తెచ్చుకున్నవి కావు మన దగ్గరికి వచ్చినవి అన్నట్టు. (ఈ కి, కు లని మన వ్యాకరణాలు షష్ఠిలో వేశాయి, బళ్ళో బట్టీపట్టిన డు-ము-వు-లు గుర్తుంటే అందులో ఉంటుంది.) ఇష్టం చెప్పేటప్పుడు ఈ పద్ధతి చాలా మర్యాదైనది. "మీరు అలాంటివారు, ఇలాంటివారు" అని అవతలి మనిషి మీద తీర్పు చెప్పడం ఉండదు, నాలో ఇది జరిగింది అని మాత్రమే చెప్తారు, వినేవాళ్ళు దాన్ని ఒప్పుకోవాలనీ లేదు కాదనాలనీ లేదు. దీనికి "అనిపించడం" తోడైతే ఇంకా మెత్తన, "మీరు మాట్లాడుతుంటే వింటూ ఉండిపోవాలనిపిస్తుంది" లాగా. ఇందులో కళ్ళూ పెదాలూ నడకా ఏమీ లేవు, అయినా ఇష్టపడుతున్నారని అర్థం కానివాడు ఉండడు.

ఇక మీరు ప్రశ్నలో వాడిన "నచ్చాడు". మీ ఫ్రెండ్‌తో అతని గురించి చెప్పడానికి అది సరైన మాటే, అతనితోనే "మీరు నాకు నచ్చారు" అనేముందు మాత్రం ఆగండి. నచ్చడంలో చూసి బేరీజు వేసి సరేననుకోవడం కొంచెం ఉంది, నచ్చజెప్పడం అనే మాటలో ఆ ఒప్పుకోలు ఇంకా కనపడుతుంది. దానికి తోడు పెళ్ళిచూపుల తర్వాత వచ్చే "అమ్మాయి నచ్చింది" అన్న కబురు వాసన కూడా అంటుకుంది, ఆ భూతకాలంలో నిర్ణయం అయిపోయినట్టు ఉంటుంది. అదే మాటని "మీరు రోజురోజుకీ నచ్చేస్తున్నారండీ" అంటే పెళ్ళిచూపులు మాయం. ఆ "ఏస్తున్నారు"లో మీ చేతిలో లేని పని ఏదో జరిగిపోతోందన్న ధ్వని ఉంది, కొంచెం చిలిపిగా కూడా ఉంటుంది. "మీరంటే నాకు ఇష్టం" దీనికంటే చాలా బరువైన మాట, దాని తర్వాత వచ్చే ప్రశ్నలకి కూడా రెడీగా ఉంటేనే అనండి.

కత్తి, కేక, ఫిగరు లాంటి వాటి గురించి ఎక్కువ చెప్పను. అవి ఫ్రెండ్స్ మధ్య మూడో మనిషి గురించి అనుకునే మాటలు, ఆ మనిషితోనే అంటే మాట్లాడే మనిషి కాస్తా చూసే వస్తువు అయిపోతాడు, చీప్‌గా అనిపించేది అందుకే.

ఇప్పుడు మీ మెసేజ్ రాద్దాం. మొదట మీకు నిజంగా ఏం బాగుందో ఒక్కటి పట్టుకోండి, రెండు వద్దు. నవ్వే అనుకుందాం. "మీ స్మైల్ చాలా బాగుంటుంది" అని రాశారనుకోండి, తప్పేం లేదు గానీ ఎవరు ఎవరికైనా పంపొచ్చు. దానికి ఒక సందర్భం తగిలించండి: "మొన్న రివ్యూలో అందరూ సీరియస్‌గా ఉంటే మీరొక్కరే నవ్వాపుకోలేక తంటాలు పడ్డారు చూడండి, భలే ముచ్చటేసింది." ఈ "ముచ్చటేసింది" కూడా నాకు ముచ్చటేసింది అనే, పైన చెప్పిన బాపతే. ఆ తర్వాత: "మీరు నవ్వుతుంటే చూడ్డానికి బాగుంటుందండీ. ఎప్పట్నుంచో చెప్పాలనిపిస్తోంది, ఇవాళ చెప్పేశా." ఇక్కడ ఆపేయండి. "మీరేమంటారు" అని అడిగితే అది ప్రశ్న అయిపోతుంది, ప్రశ్నకి జవాబు ఇవ్వాలి, రేపు మళ్ళీ పక్క సీట్లో కూర్చోవాల్సిన మనిషిని అంత ఇరకాటంలో పెట్టకూడదు. "చెప్పేశా"తో ఆగితే అతనికి దారి తెరిచే ఉంటుంది, రావాలంటే వస్తాడు.

ఇంకో సంగతి, ఇదే మెసేజ్‌లో "మీరు" నుంచి "నువ్వు"కి దిగకండి. పొగడ్త ఒక అడుగు, నువ్వు ఇంకో అడుగు, రెండూ ఒకేసారి వద్దు. మీ "అండీ" విషయంలో కూడా కాస్త గమనించండి, మీ గోదావరి వైపు అది ఆప్యాయతకీ పనికొస్తుంది ఎగతాళికీ పనికొస్తుంది, అతనికి దూరం పెట్టినట్టు అనిపించొచ్చు, ప్రతి వాక్యానికీ తగిలించకుండా ఒక్కటి ఉంచితే చాలు.

అటువైపు నుంచి వచ్చే జవాబు చదవడంలో కూడా ప్రాంతం అడ్డొస్తుంది. అతను ఉన్నట్టుండి "నువ్వు గూడ మస్తు ముద్దుగుంటవ్" అన్నాడనుకోండి, మీ భీమవరం చెవికి ముద్దు అనగానే చంటిపిల్లలన్నా గుర్తొస్తారు, లేదా ఇంత చనువేంటి అని కోపమన్నా వస్తుంది. తెలంగాణలో "ముద్దుగుంది" అంటే చూడ్డానికి బాగుంది అనే, చీరైనా మనిషైనా ఇల్లైనా. "సక్కగున్నవ్", "మంచిగున్నవ్" కూడా ఆ వరసలోవే. మీ వైపు "ముద్దొస్తున్నావు" అనే మాటకి ఉన్న దగ్గరితనం అందులో లేదు. అలాగే "నువ్వు" కూడా అక్కడ మీ వైపు కంటే తేలిగ్గా వస్తుంది, దాన్ని పట్టుకుని అమర్యాద అనుకోకండి, మరీ ఎక్కువ ఊహించుకోనూవద్దు.

నిజంగా గమనించాల్సింది మాట ఎటు జరిగిందని. ఇన్నాళ్ళూ సరదాగా మాట్లాడిన మనిషి ఒక్కసారిగా "థాంక్యూ అండీ, ఆ ఫైల్ పంపారా" అన్నాడంటే మెల్లగా తలుపేశాడని. మళ్ళీ ఆ ఊసు ఎత్తకుండా ఫైల్ పంపేయండి. "అవునా, ఇంకెప్పుడెప్పుడు చూశారేంటి?" అన్నాడంటే మీ మాట చేరాల్సిన చోటికి చేరింది. ఇంకో రకం జవాబుంది, "థాంక్స్ అక్కా" అని, వయసులో మీకంటే పెద్దవాడైనా అనగలడు. అది వచ్చాక వ్యాకరణం ఏమీ చెయ్యలేదు.