రొమ్ము వాపుకి యాంటీబయాటిక్ రాశారు, బిడ్డకి పాలివ్వొచ్చా?

"బాబుకి 38 రోజులు. ఎడమ రొమ్ము గట్టిపడి చలిజ్వరం వచ్చింది. డాక్టరు అమాక్సిక్లావ్ 625 పొద్దునొకటి, రాత్రికొకటి పది రోజులు వాడమన్నారు. మాత్రలు అయ్యేదాకా పాలు పిండి పారబోయమంటోంది మా అత్త. మాది కందుకూరు. ఏం చేయమంటారు అక్కా?"

పాలు ఆపకు చెల్లీ. ఈ మాట ముందుగా ఎందుకు చెప్తున్నానంటే నేను ఆపి బాధపడ్డాను. మా పాపకి ఐదో వారంలో, కావలిలో మా అమ్మావాళ్ళింట్లో ఉన్నప్పుడు నాకూ ఇట్లాగే వచ్చింది. అవే మాత్రలు రాశారు. మందు కలిసిన పాలు బిడ్డకి పడవని ఇంట్లో అందరూ అంటే, ఒక రాత్రంతా డబ్బా పాలు పట్టాను. తెల్లారేసరికి రొమ్ము రాయిలాగా అయింది, జ్వరం 103 చూపించింది. పాలు లోపల నిలిచిపోతే వాపు ఇంకా పెరుగుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఎక్కువవుతుంది. వాచిన వైపు పాలు తాగినా బిడ్డకి జబ్బు అంటదు. బిడ్డ ఎప్పుడు అడిగితే అప్పుడు ఇవ్వు. గట్టిగా నలిపి పిండొద్దు, దానివల్ల వాపు పెరుగుతుంది. పాలిచ్చాక చల్లటి గుడ్డ వేస్తే నాకు హాయిగా ఉండేది.

ఇక మందు సంగతి. నీకు రాసిన అమాక్సిక్లావ్‌లో ఉండే ముఖ్యమైన మందు అమాక్సిసిలిన్, అది పాలలోకి వెళ్ళేది చాలా కొంచెం. తల్లి బరువుకీ బిడ్డ బరువుకీ సరిచేసి లెక్కేస్తే నువ్వు మింగిన మోతాదులో దాదాపు ఒక శాతమే బిడ్డకి చేరుతుంది. ఇదే మందుని పసిబిడ్డలకి జబ్బు చేస్తే చుక్కల రూపంలో నేరుగా, ఇంతకంటే ఎంతో ఎక్కువ మోతాదులో పోస్తారు. మీ అత్తకి ఈ సంగతి చెప్పు, మా అమ్మ కూడా ఇది విన్నాకే ఊరుకుంది. ఈ వాపుకి రాసే వేరే యాంటీబయాటిక్‌లు సెఫలెక్సిన్, క్లాక్సాసిలిన్ కూడా పాలిచ్చేవాళ్ళు వాడుకోదగ్గవే.

బిడ్డలో ముందుగా తేడా కనిపించేది విరేచనంలో. పాలు తాగే బిడ్డ రోజుకి ఆరేడుసార్లు పసుపు రంగులో పలచగా వెళ్ళడం మామూలే, కాబట్టి నీ బిడ్డకి మొన్నటిదాకా ఉన్న అలవాటుతో పోల్చి చూడు. మా పాప మూడో రోజునుంచి పదిసార్లు, నీళ్ళలాగా, కొంచెం ఆకుపచ్చగా వెళ్ళింది. పిర్రలు ఎర్రగా కందాయి. నేను క్యాలెండర్ వెనక ఉచ్చ గుడ్డలు లెక్క రాసిపెట్టాను. రోజుకి ఏడెనిమిది తడుస్తున్నాయి, పాలు బాగానే లాగుతోంది. పిల్లల డాక్టరు అది చూసి మందు ఆపక్కర్లేదన్నారు, కందినచోట జింక్ ఆక్సైడ్ క్రీము రాయమన్నారు. కోర్సు అయిన నాలుగు రోజులకి మామూలైంది. అదే విరేచనంలో నెత్తురు పడినా, ఉచ్చ రోజుకి ఆరుసార్లకంటే తగ్గినా, బిడ్డ మత్తుగా పడుకుని పాలు లాగకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా ఇక ఇంట్లో కూర్చోకూడదు. ఈ వయసు బిడ్డకి జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా తీసుకెళ్ళాల్సిందే.

రెండోది నోరు. ఎనిమిదో రోజున పాప నాలుక మీద, బుగ్గల లోపల తెల్లగా కనిపించింది. పాల మీగడ అనుకున్నాను. వేలికి తడిగుడ్డ చుట్టి మెల్లగా తుడిస్తే పాలయితే పోతుంది. ఇది పోలేదు, అంచు దగ్గర ఎర్రగా ఉంది. అదే రోజు నాకు చనుమొనలు కారం పూసినట్టు మండాయి. యాంటీబయాటిక్ మంచి సూక్ష్మజీవుల్ని కూడా చంపడంతో ఫంగస్ పెరుగుతుంది. పాప నోటికి క్లోట్రిమజోల్ పెయింటు, నాకు క్రీము ఒకేసారి ఇచ్చారు, ఒకరికే వాడితే మళ్ళీ ఒకరినుంచి ఒకరికి వస్తుందట. మన వైపు దీనికి తేనె రాస్తారు, బోరిక్ గ్లిజరిన్ పూస్తారు. రెండూ వద్దు. ఏడాది లోపు బిడ్డకి తేనెతో బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, బోరిక్ విషం.

ఇంకోసారి జ్వరమనో ఉచ్చలో మంటనో మందుల షాపులో అడిగి మాత్రలు కొనుక్కోవద్దు. సల్ఫా ఉన్న కోట్రైమోక్సజోల్ నెలలోపు బిడ్డకీ, పచ్చకామెర్లు ఉన్న బిడ్డకీ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకీ మంచిది కాదు. ఉచ్చ మంటకి ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్ కూడా నెలలోపు బిడ్డ ఉంటే వాడరు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా బిడ్డ వయసు రోజుల్లో చెప్పి, కామెర్లు వచ్చాయా, నెలలు నిండి పుట్టాడా అన్నదీ చెప్పు.

నీ సంగతి కూడా చూసుకో. మాత్రలు మొదలుపెట్టిన రెండు రోజులకి జ్వరం దిగకపోయినా, వేలితో తాకితే గడ్డ మెత్తగా కదులుతున్నట్టు అనిపించినా స్కానింగ్ చేయించమని అడుగు. చీము పడితే మాత్రలతో ఒక్కటే తగ్గదు, సూదితో తీయాలి.