తొమ్మిది గంటల పరీక్షకు ఏడుంపావు కిచిడీ

బిడ్డా శిరీషా,

నల్లగొండ రూములో మీ ఇద్దరికీ ఒక్కటే పొయ్యి, ఫ్రిజ్ లేదు, పరీక్ష పొద్దున ఏం తినాలో తెలియడం లేదు అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పరీక్ష తొమ్మిదికి మొదలై పన్నెండుకు అయిపోతుంది. హాల్లోకి ముందే వెళ్లి కూర్చోవాలి కాబట్టి ఏడుంపావుకు తిన్నది మధ్యాహ్నం దాకా ఆగాలి, కానీ కడుపులో బరువుగా ఉండకూడదు. రెండూ కుదిరేది పెసరపప్పు కిచిడీ ఒక్కటే అని నా లెక్క.

ఉత్త తెల్లన్నమో, చక్కెర వేసిన పాలూ బ్రెడ్డో తింటే పదకొండుకల్లా ఆకలవుతుంది. పూరీ, బజ్జీ తింటే నూనె వల్ల కడుపులోంచి తొందరగా కదలదు, మొదటి గంట ఆవలింతలే. బియ్యంలో పప్పు కలిస్తే మెల్లగా అరుగుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. పప్పుల్లో పెసరపప్పు తేలిక, తొందరగా ఉడుకుతుంది కూడా.

ఆదివారం పావుగంట కూర్చొని పప్పును మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చు. టీ గ్లాసుతో బియ్యం రెండు పాళ్లు, పప్పు ఒక పాలు చొప్పున కలిపి మూత గట్టి డబ్బాలో పోసి పెట్టు. పరీక్ష రోజు లేవగానే అందులోంచి గ్లాసున్నర తీసి, కడిగి, నానబెట్టి స్నానానికి వెళ్లు. వచ్చాక కుక్కర్‌లో చెంచా నూనె, జీలకర్ర, దంచిన చిన్న అల్లం ముక్క, పసుపు, ఉప్పు వేసి, నానినదాన్ని ఐదు గ్లాసుల నీళ్లతో పోసి మూడు విజిళ్లు రానివ్వు. ఇది మీ ఇద్దరికీ సరిపోతుంది. కుక్కర్ సగానికి మించి నింపకు, పప్పు పొంగి విజిల్‌కు అడ్డుపడుతుంది. దించాక గట్టిపడితే వేడినీళ్లు కలుపు. పక్కన రెండు చెంచాల పెరుగు చాలు. పచ్చిపులుసు నీకు ఇష్టమని తెలుసు, కానీ అది మధ్యాహ్నానికి ఉంచు. పొద్దున్నే అంత పులుపు తిని హాల్లో కడుపు మంట తెచ్చుకోకు.

అసలు ముఖ్యమైన మాట ఇది. పరీక్షకు వారం ముందే ఈ తిండిని కూడా ఒకసారి పరీక్షించుకో. ఏడుంపావుకు కిచిడీ తిని, తొమ్మిదికి పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని మూడు గంటలు నిజంగా రాయి. తొమ్మిదిన్నరకే తేన్పులు, మత్తు వస్తే ఒక గరిటె తగ్గించి తిను. పదకొండుకు కడుపు కాలితే, మరుసటిసారి డబ్బాలో పప్పు పాలు కాస్త పెంచు. బియ్యం పెంచకు. ఆ లెక్క కుదిరాక పరీక్షలైపోయేదాకా మార్చకు, ఎవరు ఏ కొత్తది పెట్టినా వద్దను.

రాత్రికి రోడ్డు పక్కన వేడివేడిగా కాల్చే జొన్నరొట్టెలు రెండు తెచ్చుకుంటే, ఇంట్లో పప్పో ఆకుకూరో వండితే చాలు. నువ్వు చిన్నప్పటి నుంచి తిన్నదానివి కాబట్టి చెప్తున్నా. నీ స్నేహితురాలికి అలవాటు లేకపోతే పరీక్షల్లో మొదలుపెట్టొద్దను, గ్యాస్ పట్టవచ్చు.

మిగిలిన అన్నం సంగతి గట్టిగా చెప్తున్నా. మార్చి ఎండలకు రాత్రి కుక్కర్‌లో మూతపెట్టి వదిలేసిన అన్నం పొద్దున తినకు. వాసన రాకపోయినా చెడి ఉండవచ్చు, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వాంతులు పట్టుకుంటే పరీక్ష పోయినట్టే. అందుకే రాత్రి ఒక్క పూటకే కొలిచి వండండి.

మధ్యాహ్నం తిన్నాక కాసేపు మత్తు రావడం సహజం, కంచం నిండా అన్నం తింటే అది ఇంకా పెరుగుతుంది. అన్నం సగానికి తగ్గించి, పప్పు పెంచి, పలుచటి సల్లతో ముగించు. సాయంత్రం ఆకలికి గుప్పెడు పల్లీలో పుట్నాలో తిను. బత్తాయి మీ ఊళ్లోనే పండుతుంది కదా, వలిచి తొనలు తిను, బండి మీది జ్యూసులో చక్కెర, ఎక్కడివో తెలియని ఐసు కలుపుతారు. టీ నాలుగు దాటాక మానెయ్. రాత్రి చదవడానికి తాగే టీ పొద్దుటి పరీక్షకు కావలసిన నిద్రను తినేస్తుంది.

డబ్బా ఖాళీ అయ్యేలోపు ఫోన్ చెయ్యి. మీ నాయన వచ్చేటప్పుడు వేయించిన పప్పు, ఎండుకారం తక్కువ వేసిన పల్లీల పొడి పంపిస్తా.

మీ పెద్దమ్మ,
మహబూబ్‌నగర్