రిటైరైన నాన్నగారికి ఏ రీఛార్జ్ ప్లాన్?

*"నాన్నగారు రిటైరయ్యారు. ప్రతి నెలా 299 పెట్టి రీఛార్జ్ చేయిస్తున్నారు, డేటా చాలావరకు మిగిలిపోతోంది. నెలకు ఎంత పడుతుంది, డేటా ఎంత, వ్యాలిడిటీ ఎంత, పోల్చి చెప్పగలరా?"*

మా ఇంట్లో కూడా అచ్చం ఇదే కథ అండి. నాన్నగారు తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. వీధి చివర షాపులో "ఎప్పుడూ వేసేదే వెయ్యి" అంటే అతను 299 వేసేవాడు. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. 13 సార్లు 299 అంటే 3,887 రూపాయలు. అందుకే ధరలు పక్కన పెట్టి, అన్నిటినీ 30 రోజుల లెక్కకి తెచ్చి ఒక కాగితం మీద రాసుకున్నాను. 2025 మొదట్లో రాసిన ధరలివి, రీఛార్జ్ చేసే రోజు యాప్‌లో ఒకసారి చూసుకోండి. కాల్స్ అన్నిట్లోనూ అన్‌లిమిటెడే.

| ప్లాన్ | వ్యాలిడిటీ | డేటా | 30 రోజులకు సుమారుగా |
|---|---|---|---|
| జియో ₹299 | 28 రోజులు | రోజుకు 1.5 జీబీ | ₹320 |
| జియో ₹448 | 84 రోజులు | లేదు | ₹160 |
| జియో ₹1,748 | 336 రోజులు | లేదు | ₹156 |
| ఎయిర్‌టెల్ ₹859 | 84 రోజులు | రోజుకు 1.5 జీబీ | ₹307 |
| ఎయిర్‌టెల్ ₹469 | 84 రోజులు | లేదు | ₹168 |
| ఎయిర్‌టెల్ ₹1,849 | 365 రోజులు | లేదు | ₹152 |
| ఎయిర్‌టెల్ ₹2,249 | 365 రోజులు | మొత్తం 30 జీబీ | ₹185 |

డేటా లేని ప్లాన్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక 2025 జనవరిలో వచ్చాయి, కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉంటాయి. వాటిని చూడగానే నేను ఎగిరి గంతేశాను, ఇంట్లో ఎలాగూ వైఫై ఉంది కదా అని జియో నుంచి ఎయిర్‌టెల్‌కి మార్పించి 469 వేసేశాను. వారం తిరక్కుండానే నాన్నగారు మందుల షాపులో నిలబడి ఫోన్ చేశారు, "ఒరేయ్, ఈ క్యూఆర్ దగ్గర ఊరికే గిరగిరా తిరుగుతోందిరా" అని. ఇల్లు దాటితే నెట్ లేదు, జేబులో డబ్బులూ లేవు. నెట్ లేకపోయినా `*99#` కొట్టి డబ్బు పంపొచ్చు నిజమే, కానీ ఆ మెనూ ఒకసారి చూసి ఆయన "నావల్ల కాదు" అనేశారు. ఆ ప్లాన్ అయ్యేదాకా జేబులో నోట్లు పెట్టుకునే తిరిగారు పాపం.

తర్వాత ఊరెళ్లినప్పుడు ఆయన ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో డేటా వాడకం చూశాను. 299 ప్లాన్ ఉన్న రోజుల్లో కూడా వైఫై కాకుండా నెలకి వాడింది 1.2 జీబీనే, మనం కొంటున్నది 42. ఆ 1.2లో కూడా ఎక్కువ భాగం పొద్దున వాకింగ్‌లో వాట్సాప్ గ్రూపుల నుంచి వాటంతటవే దిగిన గుడ్ మార్నింగ్ వీడియోలే. వాట్సాప్‌లో `Settings → Storage and data → When using mobile data` లోకి వెళ్లి టిక్కులన్నీ తీసేయండి, ఈ ఒక్క పనితో మాకు 700 ఎంబీకి దిగింది. యూపీఐకి పోయేది అసలు లెక్కలోకే రాదు.

అలా 2,249 దగ్గర ఆగాం. 30 జీబీని 12 నెలలకు పంచితే నెలకి రెండున్నర, ఆయన వాడకానికి మూడింతలు. 3,887తో పోలిస్తే ఏడాదికి 1,638 మిగిలాయి. డేటా లేని 1,849 కంటే 400 ఎక్కువే, కానీ మందుల షాపు గొడవ మళ్లీ రాదు. మీ నాన్నగారు బయట ఫోన్‌తో డబ్బులు కట్టరు, ఇంట్లో వైఫై ఉంది అంటే 1,849 చాలు, నేనైతే అంతకు మించి పెట్టను. ఇంట్లో వైఫై లేదు, యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు అంటే మాత్రం ఈ లెక్కంతా పక్కన పెట్టి 84 రోజుల 1.5 జీబీ ప్లానే వేయించండి.

ఏడాది ప్లాన్‌కి ముందు ఒక 84 రోజులది వేసి చూడండి. ఆయన కూర్చునే చోట, పడుకునే గదిలో కాల్ తెగకుండా వస్తోందా అన్నది అప్పుడే తెలుస్తుంది, మధ్యలో వేరే నెట్‌వర్క్‌కి పోర్ట్ అయితే మిగిలిన రోజులు పోయినట్టే. పాత 2జీ కీప్యాడ్ ఫోన్ వాడుతుంటే జియో వరసలు కొట్టేయండి, ఆ ఫోన్‌లో జియో సిమ్ పనిచేయదు.

ఇప్పుడు రీఛార్జ్ నేనే నా ఫోన్ నుంచి చేస్తున్నాను. షాపతను మాత్రం నాన్నగారు కనపడ్డప్పుడల్లా "మాస్టారూ, ఈ నెల రాలేదేంటి" అంటున్నాడట.