ముహూర్తం మారిన ప్రతిసారీ మీ జాయినింగ్ మారాలా?

నా వయసు 26. నాన్న లేరు. హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆఫర్‌కి ఒప్పుకుని, పాత కంపెనీలో 31న రిలీవ్ అయిపోయాను. జాయినింగ్ 3వ తేదీ సోమవారం అన్నారు. అక్క కొడుకు పుట్టువెంట్రుకలు 5న అని ఇంట్లో చెప్పడంతో కంపెనీని బతిమాలి 10కి మార్పించుకున్నాను. ఇప్పుడేమో బావ తమ్ముడికి అమెరికా నుంచి టికెట్ దొరకలేదని ముహూర్తం 13కి జరిపారు. మేనమామ లేకుండా ఎలా, మీవాణ్ణి ఇంకో వారం ఆగమనండి అని బావ అమ్మకి ఫోన్ చేశారు. నా బీటెక్ చివరి రెండేళ్ల ఫీజు బావే కట్టారు, కాదనలేను. 17కి మార్చమని హెచ్‌ఆర్‌కి మెయిల్ ఎలా రాయాలి? తాతయ్య పోయారని రాస్తే ఒప్పుకుంటారా? ఆయన నిజంగానే పోయారు, కాకపోతే నాలుగేళ్ల కిందట.
– ఒక పాఠకుడు, నరసరావుపేట

ఆ మెయిల్ రాయకండి. తాతయ్యని ఇంకోసారి చంపకండి. ఫంక్షన్ అయిన మర్నాడే గుండుతో ఉన్న పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకున్న మీ ఫొటో పదిమంది వాట్సాప్ స్టేటస్‌లలో ఉంటుంది. కొత్త ఆఫీసులో మీ ఊరివాళ్లు ఒక్కరైనా ఉండరా? రేపు నిజంగా ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే అప్పుడు ఏ మొహం పెట్టుకుని సెలవు అడుగుతారు?

మొదటిసారి అడగడంలో తప్పు లేదు. ఇంట్లో శుభకార్యం ఉందంటే వారం పది రోజులు చాలా కంపెనీలు ఇస్తాయి, మీకూ ఇచ్చారు. రెండోసారి అడిగితే మాత్రం అవతలివాళ్లకి పుట్టువెంట్రుకలు కనిపించవు, వీడి చేతిలో ఇంకో ఆఫర్ ఉంది, జీతం బేరమాడుతూ మనల్ని ఆపుతున్నాడు అనే అనుకుంటారు. హైదరాబాద్‌లో అలా ఆడించేవాళ్లని రోజూ చూస్తుంటారు కాబట్టి వాళ్లని తప్పు పట్టడానికీ లేదు. మీ తర్వాత స్థానంలో ఇంటర్వ్యూ చేసినవాళ్ల నంబరు వాళ్ల దగ్గర ఉంటుంది. కాదని మొహం మీద చెప్పరు, ‘చూసి చెప్తాం’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు, కొత్త తేదీతో లెటర్ రాదు, ఫోన్ చేస్తే ఎత్తరు. అలా రెండు రోజులు గడిచిందంటే రెండోవాణ్ణి పిలుస్తున్నారేమోనని అనుమానించాల్సిందే. మీ ఆఫర్ లెటర్ చివరి పేజీ తీసి చదవండి, ఫలానా తేదీకి చేరకపోతే ఈ ఆఫర్ రద్దు అని సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది. అన్నట్టు, 10వ తేదీ అని మార్చిన లెటర్ మీ మెయిల్‌కి వచ్చిందా, లేక ఫోన్లో ‘సరే’ అన్నారా? ఫోన్లో అన్నదే అయితే ముందు అది రాయించుకోండి.

ఇంకోటి. మీరు 31న రిలీవ్ అయ్యారు. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మ పేరు ఉండి ఉంటే, మామూలుగా అది కూడా ఆ రోజుతోనే ఆగిపోతుంది. మీరు జీతం లేకుండా ఇంట్లో కూర్చునే వారం ఆవిడకీ ఏ కవరూ లేని వారమే. మీ బావగారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీకు తెలియాలి కదా.

అలాగని ఫంక్షన్ మానేయమని నేను చెప్పను. పిల్లాడు మీ ఒళ్లోనే కూర్చోవాలి, మొదటి కత్తెర మీరే పెట్టాలి, మీ నాన్నగారు లేని ఇంట్లో పుట్టింటి బట్టలు మీ చేతుల మీదుగానే వెళ్లాలి. కానీ దానికి కావాల్సింది గురువారం ఒక్క రోజు, వారం కాదు. సోమవారం జాయిన్ అవ్వండి. మొదటి రెండు మూడు రోజులూ ఎలాగూ కాగితాలు, ఐడీ కార్డు, ల్యాప్‌టాప్, ఇండక్షన్ గొడవే. బుధవారం రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి నరసరావుపేటలో దిగుతారు, గురువారం రాత్రి మళ్లీ బస్సెక్కి శుక్రవారం ఆఫీసుకి వెళ్లొచ్చు. ఒళ్లు నొప్పులు తప్పవు, 26 ఏళ్లకి అదేం పెద్ద విషయం కాదు.

ఆ ఒక్క రోజూ చేరాక అడక్కండి, ఇప్పుడే అడగండి. ముందు మీ కాబోయే మేనేజర్‌కి ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత ఆయనకీ హెచ్‌ఆర్‌కీ కలిపి మెయిల్ పెట్టండి: ‘10న జాయిన్ అవుతున్నాను. 13వ తేదీ గురువారం మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు, మేనమామగా నేను ఉండాలి. ఆ ఒక్క రోజు సెలవు కావాలి, జీతం కోసినా ఫర్వాలేదు, 14న ఆఫీసులో ఉంటాను.’ అంతే. చేరిన వారంలో చాలాచోట్ల సెలవులు ఖాతాలో పడవు, కోత ఖాయమనుకోండి. మొదటి వాక్యంలోనే ‘జాయిన్ అవుతున్నాను’ అని కనిపిస్తే వాళ్లు సగం స్థిమితపడతారు. ఆ గురువారమే తప్పనిసరి ట్రైనింగ్ ఏదైనా ఉంటే చెప్తారు, అప్పుడు గురువారం బదులు ఇంకో బ్యాచ్‌తో కూర్చుంటానని అడగండి, అంతేగానీ జాయినింగ్ జోలికి మాత్రం పోవద్దు.

ఇక అసలు విషయానికొస్తాను. ఒక్కటి గమనించారా? మీ బావగారి తమ్ముడికి టికెట్ దొరక్కపోతే ముహూర్తం కదిలింది. మీకు ఉద్యోగం ఉంటే మాత్రం ఉద్యోగం కదలాలి! అమెరికా నుంచి వచ్చేవాడి కోసం పంతులుగారు పంచాంగం మళ్లీ తిరగేశారు, మేనమామ లేకుండా ఎలా అంటున్నవాళ్లు ఆ మేనమామకి 13 కుదురుతుందా అని ఒక్క ముక్క అడగలేదు. ఎందుకు అడగలేదంటే, మీరు కాదనరని తెలుసు. ఆ ఫీజు కట్టిన దగ్గర్నుంచి ఆయన మీతో మాట్లాడరు, అమ్మతో చెప్తారు. అమ్మ మీకు చెప్తుంది, మీరు కంపెనీని బతిమాలతారు. ఇందులో మీ అక్క మాట ఎక్కడా లేదు. ఆవిడ పిల్లాడి ఫంక్షన్ గురించి ఇంత ఉత్తరం రాశారు, అక్క ఏమంటోందో ఒక్క వాక్యం లేదు.

మీ బావగారు చెడ్డవారని నేను అనడం లేదు. మామగారు పోయిన ఇంట్లో బావమరిది చదువు ఆగకుండా చూశారు, అది మరిచిపోకూడని సాయం. కానీ ఆ డబ్బుని మీ ఇద్దరిలో ఎవరూ నోరెత్తి అప్పు అనలేదు, సాయం అనీ అనలేదు, అందుకే అది తీరడం లేదు. ప్రతి పండక్కీ, ప్రతి ఫంక్షన్‌కీ మీ చేత కొంచెం కొంచెం కట్టించుకుంటూనే ఉంటుంది. అప్పుగా తీర్చేయండి. రెండేళ్లకి ఎంతయిందో మీ దగ్గర రసీదులుంటాయి, ఉదాహరణకి లక్షా నలభై వేలనుకోండి, నెలకి పదివేల చొప్పున 14 నెలలు. మొదటి జీతం పడ్డ రోజే మొదటి పదివేలు వెయ్యండి, ముందుగా అక్కకి చెప్పి మరీ వెయ్యండి. ఆయన వద్దనవచ్చు, నొచ్చుకోవచ్చు కూడా. ‘మీరు కట్టకపోతే నాకీ ఉద్యోగమే లేదు బావగారూ, అందుకే ముందు మీకు’ అనండి. ఫంక్షన్ రోజు మాత్రం నలుగురిలో ఈ మాట ఎత్తకండి, అది తీర్చడం కాదు, కక్ష తీర్చుకోవడం అవుతుంది.

ఇవాళ చెయ్యాల్సింది మాత్రం అక్కకి ఫోన్. అమ్మ ద్వారా కాదు, మీరే. ‘10న చేరుతున్నాను, గురువారం పొద్దున్నే వచ్చేస్తాను, రాత్రికి వెళ్లిపోతాను’ అని చెప్పండి. వస్తానా రానా అని కాదు, వస్తున్నాను అని. తర్వాత అదే మాట బావగారికి మీరే చెప్పండి, ‘అమ్మకి చెప్పాను కదా’ అని ఆయనంటే ‘నాతో చెప్పండి బావగారూ’ అనండి. నాలుగు రోజులు ముభావంగా ఉంటారేమో, ఉండనివ్వండి. మీరు పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక ఇంకెవరూ ఏమీ అనలేరు. అమ్మ కంగారు పడుతుంది, అల్లుడికి కోపమొస్తే అమ్మాయి ఇబ్బంది పడుతుందని ఆవిడ భయం. ఆ భయం నిజమా కాదా అన్నది అక్కనే అడిగి తెలుసుకోండి. నిజమని అక్క చెబితే నాకు మళ్లీ రాయండి, అది పూర్తిగా వేరే ఉత్తరం.