సీనియారిటీ ఉన్నా ప్రమోషన్ రానప్పుడు ఏం అడగాలి

ప్రశ్న: నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. సీనియారిటీ జాబితాలో నా కింద ఉన్న ఇద్దరికి నాలుగు నెలల కిందట ప్రమోషన్ ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. కారణం కూడా చెప్పలేదు. అడిగే హక్కు నాకు ఉందా?

హక్కు ఉంది. అయితే అది ప్రమోషన్ పొందే హక్కు కాదు, ప్రమోషన్‌కు మీ పేరును నిబంధనల ప్రకారం పరిశీలించాలని కోరే హక్కు. రాజ్యాంగంలోని 16(1) అధికరణ కింద ఇది ప్రాథమిక హక్కేనని 1999లో అజిత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకూ ఇలాగే ప్రమోషన్ రానప్పుడు, ఈ తేడా తెలియక నేను నా మొదటి అర్జీ నిండా సర్వీసు ఏళ్లనే లెక్కగట్టి రాశాను. దానికి, డీపీసీ, అంటే శాఖాపరమైన ప్రమోషన్ కమిటీ, సిఫారసు చేయలేదని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది.

అందువల్ల డీపీసీలో మీ పేరు ఏమైందో ముందుగా తెలుసుకోండి. అసలు పరిశీలనకే రాలేదా, పరిశీలించి అనర్హులన్నారా, లేక క్రమశిక్షణ చర్య తేలేదాకా సిఫారసును సీల్డ్ కవరులో ఉంచారా అన్నది తేలాలి. సీల్డ్ కవరు అయితే, ఆ తేదీ నాటికి మీరు సస్పెన్షన్‌లో ఉన్నారా, మీకు అభియోగాలు తెలిపే ఛార్జిమెమో ఇచ్చారా అని చూడాలి. కేవలం ప్రాథమిక విచారణ నడుస్తోందన్న కారణం చాలదని 1991లో జానకీరామన్ కేసులో తీర్పు వచ్చింది. నేను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, డీపీసీ మినిట్స్‌లో నాకు సంబంధించిన భాగాన్నీ, డీపీసీ చూసిన ఐదేళ్ల నా వార్షిక పనితీరు నివేదికలను, అంటే ఏపీఏఆర్‌లనూ కోరాను.

వాటిని చూశాకే సంగతి తెలిసింది. మా పోస్టుకు బెంచ్‌మార్క్, అంటే ప్రమోషన్‌కు కావలసిన కనీస గ్రేడు, 'వెరీ గుడ్', అంటే పదికి కనీసం ఆరు మార్కులు. నాలుగేళ్లు నాకు ఏడుకు పైనే ఉన్నాయి. నేను బదిలీ అయిన ఒక్క ఏడాది మాత్రం రిపోర్టింగ్ అధికారి 6.8 ఇవ్వగా, రివ్యూయింగ్ అధికారి కారణమేదీ రాయకుండా దాన్ని 5.6కు తగ్గించారు. బదిలీ హడావుడిలో ఆ ఏపీఏఆర్ పాత కార్యాలయంలోనే ఉండిపోయింది, నాకు ప్రతి అందలేదు. 5.6 అంటే 'గుడ్'. చదివితే మంచి మాటే, కానీ బెంచ్‌మార్క్ కంటే కింద ఉన్నందువల్ల నా సీనియారిటీ ఎందుకూ పనికిరాలేదు. సీనియారిటీ క్రమం బెంచ్‌మార్క్ అందుకున్నవారి మధ్యనే చూస్తారు.

సరిగ్గా ఇలాంటి పరిస్థితిలోనే 2008లో దేవ్ దత్ కేసు తీర్పు వచ్చింది. సరిహద్దు రహదారుల సంస్థలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ఉన్న ఆయనకు ఒక ఏడాది వచ్చిన 'గుడ్' అడ్డుపడింది. దాన్ని ఆయనకు తెలియజేయలేదు. ప్రతికూలమైన వ్యాఖ్యలనే కాక ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని, దానిపై అర్జీ పెట్టుకునే అవకాశం ఇవ్వాలని న్యాయస్థానం చెప్పింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని స్థిరపరిచింది. 2009 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం ఏపీఏఆర్ చేతికందిన పదిహేను రోజుల్లో అర్జీ పెట్టాలి.

నేను ప్రతి అందిన తేదీ నుంచే ఆ పదిహేను రోజులు లెక్కపెట్టుకుని రెండో అర్జీ ఇచ్చాను. ఇందులో సర్వీసు గురించి ఒక్క మాటా రాయలేదు. గ్రేడు తెలియజేయలేదని, తగ్గించినందుకు కారణం నమోదు చేయలేదని, ఆ ఏడాది నేను పూర్తి చేసిన పనులు ఇవని మాత్రమే రాసి, గ్రేడును పునఃపరిశీలించి, నా పేరును మళ్లీ చూసేందుకు రివ్యూ డీపీసీ జరపాలని కోరాను. జూనియర్ల ప్రమోషన్ రద్దు చేయమని అడగలేదు, వారి తప్పేమీ లేదు. 6.8 పునరుద్ధరించారు, రివ్యూ డీపీసీ నన్ను సిఫారసు చేసింది. సీనియారిటీని, జీతం స్థిరీకరణను జూనియర్ల తేదీ నుంచే ఇచ్చారు. కానీ గడిచిన కాలానికి బకాయిలు ఇవ్వలేదు, ఆ నష్టం నాకు మిగిలిపోయింది. గ్రేడు తగ్గించడానికి రివ్యూయింగ్ అధికారి సరైన కారణాలు రాసి ఉంటే, ఈ ఫలితం కూడా వచ్చేది కాదని నా అభిప్రాయం.

మీ విషయంలో నాలుగు నెలలు గడిచాయి కనుక గడువు ముఖ్యం. అర్జీకి ఆరు నెలల్లో జవాబు రాకపోతే, ఆ ఆరు నెలలు ముగిసిన తేదీ నుంచి ఏడాదిలోపు మీరు కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. తిరస్కరిస్తూ ఉత్తర్వు వస్తే ఏడాది ఆ ఉత్తర్వు తేదీ నుంచే మొదలవుతుంది. మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టినంత మాత్రాన గడువు పెరగదు. (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు ఇప్పుడు రాష్ట్ర ట్రైబ్యునల్ లేదు కాబట్టి వారు హైకోర్టులో రిట్ వేయాలి. ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 16వ అధికరణ వర్తించదు.) సమాచార హక్కు దరఖాస్తుకు ముప్పై రోజులు పట్టవచ్చు కాబట్టి దాన్ని ఈ వారమే పెట్టండి, అర్జీ ఇచ్చినప్పుడు తేదీతో కూడిన రసీదు తప్పక తీసుకోండి.